మెత్తటి మాటల రమాబాయి

రమాబాయి పుట్టిన ఇంట్లో బియ్యం ఎప్పుడూ అయిపోలేదు. డబ్బాలో చెయ్యి పెడితే అడుగు గీసుకున్నా సరే, బియ్యం నిండుకున్నాయనే అనాలి. దీపం ఆరితే కొండెక్కిందనాలి. గడప దాటేవాళ్ళు పోతున్నానంటే వాళ్ళ నాన్న విఠల్‌రావు వెనక్కి పిలిచి, వెళ్ళొస్తానని అనిపించి గానీ పంపేవాడు కాదు. పురానాపూల్ దగ్గర గుడిలో ముప్పై ఏళ్ళు పూజ చేసిన మనిషి, ఆయన నోట అశుభం పలికితే ఊరంతటికీ అరిష్టమని నమ్మేవాడు. కోపం వస్తే కూడా ‘నీ ఇల్లు బంగారం గాను’ అనే తిట్టేవాడు. ఆ ఇంట్లో పెరిగిన పిల్లకు కటువైన మాట నాలుక మీదికి రావాలంటే అడ్డంకులు చాలానే ఉండేవి.

ఈ చాదస్తం ఎప్పటికైనా ఒక ఉద్యోగమవుతుందని విఠల్‌రావు కలలో కూడా అనుకుని ఉండడు. యాభై దాటాక రమాబాయికి అదే ఉద్యోగమైంది.

ఆమె మాదన్నపేటలో ఒక ప్రైవేటు బడి ఆఫీసులో పనిచేసేది. ఫీజు కట్టని వాళ్ళకు చీటీ పంపాలన్నా, పిల్లవాడు తప్పాడని ఇంటికి చెప్పాలన్నా ఆమే రాసేది. ఎదుటివాడికి నొప్పి తెలియకుండా సూది దింపే చెయ్యి ఆమెది. బడి మూతపడి ఇంట్లో కూర్చున్న రోజుల్లో అంజన్ వచ్చాడు.

అంజన్ పరాయివాడేమీ కాదు. వాళ్ళమ్మ శారదమ్మ పాల క్యాన్లు పట్టుకుని గల్లీలు తిరిగేటప్పుడు పిల్లవాణ్ణి రమాబాయి గడప మీద కూర్చోబెట్టి పోయేది. అఆలు దిద్దించింది రమాబాయే. ప్రతి రాఖీకీ చెయ్యి చాపేవాడు. ఇప్పుడు బర్రెల కొట్టం మీద గది వేయించి, చప్పుడు రాకుండా గోడలకు స్పాంజి అట్టలు అంటించి, ‘గల్లీ ముచ్చట’ అని యూట్యూబ్ ఛానల్ పెట్టాడు. కింద బర్రెలు, పైన కెమెరాలు. పాతబస్తీలో ఎక్కడ ఏం జరిగినా మైకు పట్టుకుని ఉరికేవాడు. జనం బాగానే చూస్తున్నారు, కానీ వీడియోల పక్కన పసుపు గుర్తులు పడుతున్నాయి.

“అక్కా, పసుపు పడ్డదంటే యాడ్లు సరిగ రావు. కంపెనీలోళ్ళు తమ సబ్బును, బిస్కెట్‌ను తీస్కపోయి కత్తిపోట్ల పక్కన పెట్టరంట. నేను పెట్టే పేర్లన్ని గట్లనే ఉంటున్నయ్. నువ్వు మెత్తగ రాస్తవు గదా, జర చూడు” అన్నాడు.

రమాబాయి వాడి ఫోను తీసుకుని పేర్లు చదివింది. ‘నడిరోడ్డుపై నరికేశారు’. ‘షుగర్ ఖతం, డాక్టర్లకే షాక్’. ‘రక్తం మరిగే నిజం’. చదివి, ముఖం చేదుగా పెట్టి, “ఇవి పెట్టిన చేతితోని అన్నమెట్ల తింటున్నవ్‌రా” అంది.

ఆ రోజు మొదలు ఛానల్ పేర్లన్నీ ఆమెవే. వాడు వీడియో పంపేవాడు, ఆమె మొదలు నుంచి చివరిదాకా చూసి పేరు, కింద వివరణ రాసి వాట్సాప్‌లో పంపేది. వాడు తీసి అతికించేవాడు. కత్తిపోట్ల వీడియో ‘పురానాపూల్ దగ్గర గొడవ: పోలీసులు చెప్పిన వివరాలు’ అయింది. షుగర్ ఖతం చేసే పెద్దాయన వీడియో ‘దబీర్‌పురా తాత కషాయం ఎట్లా కాస్తాడు?’ అయింది. జబ్బు తగ్గుతుందని రుజువు లేకుండా ఎక్కడా అనకూడదని, డాక్టరును అడగమని వివరణలో ఒక వాక్యం ఉండాలని ఆమె పట్టుపట్టింది. పేరొక్కటి మెత్తబడితే చాలదని కూడా ఆమే కనిపెట్టింది. పైన పెట్టే బొమ్మలో నెత్తురుంటే, వీడియో లోపల నెత్తురుంటే, పేరుకు ఎంత పసుపు కుంకుమలు పూసినా లాభం లేదు. పేరు, బొమ్మ, వివరణ, వీడియో అన్నీ యూట్యూబ్ వాళ్ళు కలిపే చూస్తారు. ఎక్కించేటప్పుడు తిట్లున్నాయా, కొట్లాట చూపించారా అని వాళ్ళు అడిగే ప్రశ్నలకు ఉన్నదున్నట్టు జవాబివ్వాలి. అబద్ధం చెప్పి దొరికితే మళ్ళీ మన మాట నమ్మరు.

అన్నిటికంటే గట్టిగా ఆమె వాడికి చెప్పింది ఒకటుంది. “పేరు మెత్తగుండాలె, గని లోపల ఉన్నదే చెప్పాలె. లేనిది చెప్తె అది మెత్తటి మాట గాదు, అబద్ధం.” వాడు తల ఊపాడు. తల ఊపడానికి ఖర్చేముంది.

పసుపు గుర్తులు తగ్గాయి. అప్పుడప్పుడు యంత్రం పొరపాటుగా పసుపు వేసినా, మనుషులే మళ్ళీ చూడాలని అడిగితే ఆకుపచ్చ అయ్యేది. మనుషులు కూడా కాదన్నారంటే ఇక దాని మీద అప్పీలు లేదు. గల్లీలో వాళ్ళు “ఏం రమక్కా, ఇయ్యాల ఎవరికి పేరు పెట్టినవ్?” అని ఆటపట్టించేవాళ్ళు. ఆమెకది బాగానే ఉండేది. నిజం చెప్పాలంటే గర్వంగా ఉండేది.

అప్పుడే స్రవ్య సంగతి వచ్చింది.

స్రవ్య, కూరగాయల మార్కెట్‌లో ఆకుకూరలమ్మే కొమురమ్మ కూతురు. డిగ్రీ చదువుతూ దగ్గర్లోని ఒక ఫంక్షన్ హాల్లో రిసెప్షన్ పనిచేసేది. ఒక రోజు పెళ్ళికొచ్చిన చుట్టాలావిడ బంగారు గొలుసు కనబడలేదు. ఆవిడ గదికి నీళ్ళ సీసాలు తీసుకుపోయింది స్రవ్యే కాబట్టి, హాలు ఓనరు కొడుకు ఆ పిల్లను అందరి ముందూ సంచి బోర్లించమన్నాడు. దొరకలేదు. దొరకనందుకు ఇంకా రెచ్చిపోయి కర్రతో కొట్టాడు. మోచేయి వాచిపోయింది. మూడో రోజు ఆ చుట్టాలావిడే హాలుకు ఫోన్ చేసి, గొలుసు తన చేతిసంచి లోపలి అరలోనే ఉందని చెప్పింది. హాలువాళ్ళు ఆ మాట బయటికి పొక్కనీయలేదు. స్రవ్య మీద దొంగ ముద్ర మాత్రం గల్లీ గల్లీకీ పాకింది. కొమురమ్మ దగ్గర కొత్తిమీర కొనేవాళ్ళు కూడా చిల్లర లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టారు.

కొమురమ్మ ఏడుస్తూ రమాబాయి దగ్గరికి వచ్చింది. రమాబాయి చుట్టాలావిడను వెతికి పట్టుకుని, ఆవిడ చేత మాట్లాడించడానికి ఒప్పించింది. ఆవిడ మంచిదే, తన మూలంగా ఆడపిల్ల దెబ్బలు తిన్నదని నొచ్చుకుంటోంది. స్రవ్య మాత్రం కెమెరా ముందుకు రానంది.

“ఇప్పటికే అందరు చూస్తున్నరు ఆంటీ. ఇంకా చూపియ్యాల్నా?” అంది.

“ఇప్పుడు వాళ్ళు అనుకున్నది చూస్తున్నరు బిడ్డా. అప్పుడు నువ్వు చెప్పేది చూస్తరు. పేరు నేను పెడ్త. నీ మీద మచ్చ పడే మాట ఒక్కటి రానియ్యను. నాది జిమ్మా” అంది రమాబాయి.

ఆ పూచీ మీదనే స్రవ్య కొట్టం మీది గదిలో కూర్చుని మాట్లాడింది. దెబ్బలు చూపించలేదు, ఎవరినీ తిట్టలేదు, హాలు పేరు కూడా ఎత్తలేదు. చివర్లో చుట్టాలావిడ తెర మీదికి వచ్చి, “గొలుసు నా సంచిలనే ఉండె. ఆ పిల్ల తప్పేం లేదు” అని చెప్పింది.

రమాబాయి పేరు కోసం చాలా తన్నుకులాడింది. కొట్టడం అనకూడదు, దొంగ అనకూడదు, తేలకముందే ఫలానావాడు నేరం చేశాడనీ అనకూడదు. కానీ స్రవ్య కడిగిన ముత్యమని చూడగానే తెలియాలి. చివరికి ఇట్లా రాసి పంపింది: ‘గొలుసు దొరికింది, క్షమాపణ దొరకలేదు: మాదన్నపేట అమ్మాయి మాట’. కింద వివరణలో, పనిచోట తన మీద పడ్డ నింద గురించి ఒక యువతి చెబుతోందని, ఆ నింద తప్పని గొలుసు గల ఆవిడే చెప్పిందని రెండు వాక్యాలు రాసింది. అంజన్ బొటనవేలు గుర్తు పంపి, “నువ్వు దేవతవు అక్కా” అన్నాడు. వీడియో సాయంత్రానికి గల్లీ అంతా తిరిగింది. కొమురమ్మ ఒక కట్ట గంగవాయలకూర తెచ్చి గడప మీద పెట్టిపోయింది.

రెండు రోజుల తరవాత అంజన్ ఫోన్ చేశాడు. గొంతు దిగులుగా పెట్టాడు.

“అక్కా, స్రవ్య వీడియోకు పసుపు పడ్డది. మనుషులతోని చూపియ్యమని అడిగిన, వాళ్ళు గూడ కాదన్నరు. ఇగ ఛానల్‌కే దెబ్బ తాకుతదేమోనని పేరు నేనే మార్చిన. నువ్వు ఫికర్ చెయ్యకు.”

రమాబాయి ఫోన్‌లో చూసింది. ‘పనిచోట పొరపాటు జరిగితే? యువత నేర్చుకోవాల్సిన పాఠం’ అని ఉంది. కింద, ఓపికతో ఉంటే అన్నీ సర్దుకుంటాయని ఒక ముక్క. ఆమెకది నచ్చలేదు. అయినా వాడు చెప్పిన పద్ధతంతా సరిగ్గా అట్లాగే ఉంటుందని ఆమెకు తెలుసు. పసుపు పడటం నిజమే జరుగుతుంది, మనుషులు కాదంటే అప్పీలు లేకపోవడమూ నిజమే. వాడి మాటను అనుమానించడం ఆమెకు తట్టనే లేదు. తన పేరులోనే ఏదో మాట తప్పిపోయి ఉంటుందనుకుంది. క్షమాపణ అనే మాటా, దొరకలేదు అనే మాటా అని అన్నం కలుపుతూ, బట్టలు మడతపెడుతూ వెతుక్కుంది. ఆ వారమంతా తనను తాను తిట్టుకుంది, అదీ మెత్తగానే.

ఆ కొత్త పేరు చేయాల్సిన పని చేసింది. చార్మినార్ వైపు ఒక బట్టల దుకాణంలో స్రవ్యకు కొత్త పని ఖాయమై ఉండింది. మేనేజరు పాత సంగతి విని అడిగితే స్రవ్య ధైర్యంగా, “వీడియో చూడండి సార్, అంత ఉంది” అని చెప్పింది. ఆయన చూశాడు. పొరపాటు, పాఠం అని పైన ఉంది, ఓపికతో ఉండాలని కింద ఉంది, మధ్యలో ఆడపిల్ల కళ్ళు తుడుచుకుంటోంది. ‘మా దగ్గర ఖాళీ లేదమ్మా’ అని మర్యాదగా పంపేశాడు.

ఈ సంగతి తెలిసి రమాబాయికి నిద్ర పట్టలేదు. మూడు కొత్త పేర్లు రాసుకుంది, మూడూ మెత్తనివే, మూడింట్లోనూ స్రవ్య తప్పు లేదని తెలుస్తుంది. వాటిలో ఒకటి పెట్టిద్దామని కొట్టం మెట్లెక్కింది. అంజన్ లేడు. వీడియోలు కత్తిరించే అనురాగ్ కంప్యూటర్ ముందు చెవులకు పెద్ద హెడ్‌ఫోన్ డొప్పలు పెట్టుకుని కూర్చున్నాడు.

“బాబూ, స్రవ్య వీడియో జర తియ్యి. ఆ పసుపు గుర్తు ఒక్కసారి నా కండ్లతోని చూస్త. ఏ మాటకు పడ్డదో సమజైతలేదు” అంది.

అనురాగ్ ఛానల్ లోపలి పేజీ తెరిచాడు. వీడియోలన్నీ వరసగా ఉన్నాయి, పక్కన చిన్న చిన్న డాలర్ గుర్తులు. స్రవ్య వీడియో పక్కన గుర్తు ఆకుపచ్చగా ఉంది.

“పేరు మార్చినంక పచ్చగైందా?”

“పసుపు ఎప్పుడు పడ్డది అమ్మా? ఎక్కించిన్నాడే పచ్చ. నువ్వు పెట్టిన పేరు మీదనే పచ్చ పడ్డది.”

“మనుషులతోని చూపించిన్రు గద, వాళ్ళు కాదన్నరు గద.”

“పసుపు పడితేనే గదా అడిగేది. పచ్చదానికి అడిగేతందుకేముంది?” అన్నాడు అనురాగ్. ఆమె ముఖం చూసి వాడికి అప్పుడు అర్థమైంది, తను చెప్పకూడనిది చెప్పానని. డొప్పలు మెడ మీదికి జార్చుకున్నాడు.

రమాబాయి వీడియో పెట్టమంది. నిలబడే చూసింది. స్రవ్య మాటలయ్యాయి, కళ్ళు తుడుచుకుంది, వీడియో అయిపోయింది. చుట్టాలావిడ లేదు. గొలుసు నా సంచిలోనే ఉందన్న మాట లేదు.

“ఆ ముక్క ఏమైంది?”

“అన్న తీసెయ్యమన్నడు అమ్మా. హాలు సేఠ్ వచ్చిండు. ఆయన కొత్త హాలు ఓపెనింగ్ ఉన్నదంట, వీడియోలన్ని మనకే ఇస్తున్నడు.” అనురాగ్ గొంతు బాగా తగ్గింది. “నేను చెప్పినట్టు చెప్పకు.”

రమాబాయి మెట్లు దిగలేదు. అక్కడే ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని కూర్చుంది. తడిగుడ్డతో గొంతు కోయడమని చిన్నప్పటి నుంచీ వింటూనే ఉంది. ఆ గుడ్డ ఎవరో ఒకరు ఉతికి తడిపి ఇవ్వాలి కదా. ఇన్నాళ్ళూ తాను కూర్చుని చేసింది అదేనా అని ఆమెకు ఒళ్ళు మండింది. వాడు అబద్ధమాడినందుకు సగం బాధ. ఆ అబద్ధాన్ని తాను నేర్పిన విద్యతోనే కట్టినందుకు మిగతా బాధంతా. ఏ మాట చెబితే తాను నమ్ముతుందో వాడికి తెలుసు, ఎందుకంటే ఆ మాటలు వాడికి చెప్పింది తనే.

అంజన్ వచ్చాడు. అనురాగ్ టీకని చెప్పి కిందికి జారుకున్నాడు.

“పసుపు పడలేదంట గద” అంది రమాబాయి.

అంజన్ ఒక్క క్షణం తడబడ్డాడు. ఆ తరవాత నవ్వాడు, చిన్నప్పుడు హోంవర్కు చేయకుండా వచ్చి నవ్వినట్టే.

“అక్కా, పడ్డదా పడలేదా అన్నది పక్కకు పెట్టు. సేఠ్ మన బస్తీ మనిషి. రేపు ఏ అవసరమొచ్చినా ఆయనే. పిల్ల పేరు నేను ఖరాబ్ చెయ్యలే గదా. తిట్టలే, కొట్టిన్రనలే, దొంగ అనలే. ఒక్క కఠిన మాట ఉంటె చూపెట్టు. అంత నువ్వు నేర్పినట్టే పెట్టిన.”

“కఠిన మాట వద్దని నేర్పిన. నిజం తీసెయ్యమని నేర్పలే.”

“యాడ్లోళ్ళకు నిజంతోని ఏం పని అక్కా?”

“యాడ్లోళ్ళ మీద పెట్టకు అంజన్. వాళ్ళు నేను రాసిన పేరుకు పచ్చ గుర్తు ఇచ్చిన్రు. నిజం మెత్తగ చెప్తె వాళ్ళకేం నొప్పి లేదు. నొప్పి సేఠ్‌కు. నా పేరు మళ్ళ పెట్టు. ఆ ముక్క మళ్ళ కలుపు.”

“అది గాదక్కా” అన్నాడు అంజన్, ఇక నవ్వలేదు. “సేఠ్‌కు మాటిచ్చిన.”

“నేనిచ్చిన మాట?”

వాడు కెమెరా సంచి సర్దుకోవడంలో పడ్డాడు. ఆమె లేచి మెట్ల దాకా వచ్చింది. వెనక నుంచి వాడు, ఏమీ జరగనట్టు, రోజూ అడిగే గొంతుతోనే అన్నాడు.

“అక్కా, ఎల్లుండి హాలు ఓపెనింగ్ వీడియో ఉంది. మంచిగ, మెత్తగ ఒక పేరు పంపు.”

కొట్టంలో శారదమ్మ బర్రెకు దాణా పెడుతూ, “చాయ్ తాగి పో రమా” అని పిలిచింది. రమాబాయి వినపడనట్టు నడిచింది. శారదమ్మ చేతి చాయ్ కాదనడం ఆమెకదే మొదటిసారి.

నేరుగా మార్కెట్‌కు పోయింది. కొమురమ్మ పాలకూర మీద నీళ్ళు చల్లుతోంది. స్రవ్య పక్కనే గోనెపట్టా మీద కూర్చుని కట్టలు కడుతోంది. డిగ్రీ పుస్తకం పట్టుకోవాల్సిన పిల్ల తోటకూర పట్టుకుంది. కొమురమ్మ తలెత్తి చూసి మళ్ళీ దించుకుంది.

“కొమురమ్మా, నీకొక మాట చెప్పాలె.”

“ఇంకేం చెప్తవ్ రమక్కా. చెప్పిందానికే మా పని అయింది.”

“ఆ పేరు నేను పెట్టలే.”

కొమురమ్మ నీళ్ళ చెంబు కింద పెట్టింది. “అంజన్‌ను అడిగిన. ఏందయ్యా గిట్ల జేసినవ్ అంటె, నాకు తెలుగేం రాయొస్తది పెద్దమ్మా, పేర్లన్ని అక్కనే పెడ్తది, గల్లీల ఎవర్నన్న అడుగు అన్నడు. అడిగిన. అందరు గదే చెప్పిన్రు. గా మెత్తటి మాటలు నీయి గాకపోతె ఇంకెవరియి?”

తాను పంపిన పాత పేరు ఫోన్‌లో ఉంది, కానీ దాన్ని మార్చింది తను కాదని చూపించడానికి రమాబాయి దగ్గర ఏముంది? ఆ దొంగ పేరులో కూడా ఆమె చెయ్యే కనిపిస్తోంది. పొరపాటు, పాఠం, ఓపిక, సర్దుకోవడం, అన్నీ ఆమె వాడే మాటలే. వాడు నిజాన్నే కాదు, ఆమె గొంతును కూడా ఎత్తుకుపోయాడు. ఇంకో మెత్తటి మాట ఏది మాట్లాడినా ఈ తల్లి నమ్మదు. నమ్మకపోవడంలో తప్పు కూడా లేదు.

స్రవ్య కట్ట కట్టడం ఆపి ఆమె వంక చూసింది. “ఆంటీ, ఏమైందో సీదా చెప్పు. మాకు మెత్తగ చెప్పొద్దు.”

రమాబాయి కొంగుతో ముఖం తుడుచుకుంది. యాభై మూడేళ్ళుగా ఆమె నోరు దాటని మాటలు ఇప్పుడు దాటాయి. పక్కన టమాటాలవాడు, ఎదురుగా ఉల్లిగడ్డల తక్కెడ పట్టుకున్న భాయ్, బేరమాడుతున్న ఇద్దరు ఆడవాళ్ళు వినేటంత గట్టిగా చెప్పింది.

“ఈ పిల్ల దొంగ గాదు. గొలుసు పోయిందన్న ఆమె సంచిలనే గొలుసు ఉండె. హాలు సేఠ్ కొడుకు ఈ పిల్లను కర్రతోని కొట్టిండు. గొలుసు సంగతి చెప్పిన ముక్కను అంజన్ కోసేసిండు. పసుపు పడ్డదని నాకు అబద్ధం చెప్పిండు. నేను నా చేతుల పెంచిన పిల్లగాడు, నన్ను మోసం చేసిండు. ఈ పిల్లను అమ్ముకున్నడు.”

బేరమాడే ఆడవాళ్ళు బేరం మరిచిపోయారు. ఉల్లిగడ్డల భాయ్ తక్కెడ దించి, “తౌబా” అని గొణిగాడు. స్రవ్య ఏడవలేదు. వాచి తగ్గిన మోచేయి మీద చేయి వేసుకుని వింటూ ఉంది.

కొమురమ్మ చెంబు మళ్ళీ చేతిలోకి తీసుకుని పాలకూర మీద నీళ్ళు చిలకరించింది.

“నువ్వు చెప్పింది నమ్మిన రమక్కా” అంది చివరికి. “గని ఈడ పది మంది విన్నరు. గది ఊరంత చూసిన్రు.”

రమాబాయి గోనెపట్టా అంచున చెప్పులు విడిచి స్రవ్య పక్కన కూర్చుంది. తోటకూర కోసం వంగిన ముసలావిడ పిల్ల ముఖం పోల్చుకుని, “గీమెనే గదా ఫోన్ల వచ్చింది, గొలుసు...” అని ఆగింది.

“కూసో పెద్దమ్మా, చెప్త” అంది రమాబాయి. “ఈ పిల్ల దొంగ గాదు.”